వంటింట్లో ఆరు రోజులు వరద నీళ్లు నిలిచాయి: ఏవి పారేయాలి, తాగే నీళ్ల సంగతేంటి?

సింగ్‌నగర్_సుధ
సెప్టెంబరు 1న పొద్దున బుడమేరు నీళ్లు విజయవాడలో మా వీధిలోకొచ్చాయి, మధ్యాహ్నానికి వంటింట్లో గట్టు మీదికి నాలుగు వేళ్ల ఎత్తున చేరాయి. రెండు రోజులు మేడ మీదుండి, పడవ దొరికాక గుణదలలో మా అక్కావాళ్లింటికి వెళ్లాం. నిన్న తిరిగొచ్చి తలుపు తీస్తే ఆ వాసన చెప్పలేను. ఆరు రోజులు నిలిచాయట. గోడ మీద గీత కూడా ఉంది.

ఇప్పుడు గొడవేంటంటే గట్టు కింద అరలో ఉన్నవన్నీ మునిగాయి. స్టీల్ డబ్బాల్లో పప్పులు, మరమూతల సీసాల్లో కారం, పసుపు, బిగుతు మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములో పాతిక కేజీల బియ్యం, రెండు జాడీల ఆవకాయ, కత్తిరించని నూనె ప్యాకెట్లు అయిదు. మా అమ్మ "మూతే తియ్యలేదు కదే, ఎందుకు పారేస్తావ్" అంటుంది. మా ఆయనేమో మొత్తం ట్రాక్టర్లో ఎక్కించేద్దాం అంటారు. మధ్యలో నేను. పోర్టికో కింద సంపు కూడా మునిగింది. మేడ మీద ట్యాంకు మునగలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పాయకాపురం_బుజ్జి
మాదీ అదే కథ అక్కా. మేం అన్నీ పారేశాం. ఫ్రిజ్ తలుపు మాత్రం తాడేసి కట్టి అలాగే బయట పెట్టాం, తెరిచే ధైర్యం ఎవరికీ లేదు.

బ్రాడీపేట_రవి
గుంటూరు నుంచి. బియ్యం పారేయకండి. రెండెండలకు ఎండబెడితే సరిపోతుంది. 1977 దివిసీమ ఉప్పెనప్పుడు మా నాన్నమ్మవాళ్లు తడిసిన ధాన్యం ఎండబెట్టుకుని తిన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. వండితే ఎలాగూ ఉడుకుతుంది కదా, క్రిములన్నీ చస్తాయి.

పాయకాపురం_బుజ్జి
ఏమీ కానివాళ్లే కదా అన్నా ఆ కథ చెప్పడానికి మిగిలేది.

వాటర్‌వర్క్స్_తాత
నేను ముప్పై ఏళ్లు మంచినీళ్ల ల్యాబులో పనిచేసి రిటైరైనవాణ్ణి, వేరే జిల్లాలో. తిండి సంగతి ముందు చెప్తాను, నీళ్ల సంగతి తర్వాత.

సుధ గారూ, మీ అమ్మగారు అడిగినదే అందరూ అడుగుతారు. మూత తియ్యలేదు కదా అని. కానీ మూత పెట్టింది చీమలు రాకుండా, గాలి తగలకుండా ఉండడానికి. నీళ్లలో మునిగినా ఆగేలా ఏ వంటింటి డబ్బానీ చెయ్యరు. డబ్బా లోపల సగం గాలే ఉంటుంది. పగటి వేడికి ఆ గాలి ఉబ్బి సందులోంచి కొంచెం బయటికి పోతుంది. రాత్రి చల్లబడితే మళ్లీ ముడుచుకుని, మూత పక్కన ఏది ఉంటే దాన్ని లోపలికి లాక్కుంటుంది. మామూలు రోజుల్లో గాలిని లాక్కుంటుంది, మీ ఇంట్లో మురుగును లాక్కుంది. ఆరు రోజులంటే ఆరు రాత్రులు లాక్కున్నట్టు. గుక్కెడు కూడా అక్కర్లేదు, ఒక చెంచాడు చాలు.

మరమూతకు ఇంకో చిక్కుంది. సీసా మెడ మీద మర గాడుల్లో బురద చేరి ఎండిపోతుంది. ఎంత కడిగినా పోదు. మూత తిప్పగానే ఆ పొడి రాలి కారంలోనే పడుతుంది. అందుకని మునిగిన పప్పులు, పొళ్లు, పచ్చళ్లు, తెరిచినా తెరవకపోయినా, మరమూతైనా నొక్కుడు మూతైనా పారేయండి.

రవి గారూ, ఉడికిస్తే క్రిములు చస్తాయన్నది నిజమే. కానీ ఆ నీళ్లలో ఉన్నది క్రిములే కాదు కదా. మెకానిక్ షెడ్లు, బంకులు, పురుగుమందుల కొట్లు అన్నీ మునిగాయి. డీజిల్, పురుగుమందు ఉడికిస్తే పోవు. ఇంకోటి, తడిసిన బియ్యం ఆరు రోజులు మూసున్న డ్రమ్ములో బూజు పడుతుంది. బూజు వదిలే విషాలు కొన్ని అన్నం ఉడికే వేడికి చెక్కుచెదరవు. దివిసీమ నాటికి తినడానికి వేరే దారి లేక తిన్నారు.

సింగ్‌నగర్_సుధ
డ్రమ్ములో బియ్యం పైన పొడిగానే ఉన్నాయి తాతగారూ. చెయ్యి పెట్టి చూశా. అందుకే అమ్మ అంత పట్టుబడుతోంది.

వాటర్‌వర్క్స్_తాత
పైన కాదమ్మా, అడుగున చూడండి. చేతికి గ్లవుజు వేసుకుని డ్రమ్ము పక్కకు వంచి అడుగు బియ్యం బయటికి తియ్యండి. ఉండ కట్టాయా, రంగు మారాయా, పులిసిన వాసనుందా. నీళ్లు అడుగుకు చేరితే బియ్యం వత్తిలా పైకి పీలుస్తాయి. అడుగు పొడిగా కనబడినా నేనైతే తినమని చెప్పను, చూడమన్నది మీ అమ్మగారి కోసం.

సింగ్‌నగర్_సుధ
చూశాం. అడుగున జానెడు మందాన ఉండలు, పచ్చగా మారాయి. అమ్మ ఏమీ అనకుండా లోపలికెళ్లిపోయింది.

ఎల్బీనగర్_కిషోర్
మాది విజయవాడే, ఉద్యోగం హైదరాబాద్‌లో. అన్నయ్యవాళ్లింట్లో వాషింగ్ మెషిన్ మునిగింది. ఎండలో పెడితే పనిచేస్తుందా?

పాయకాపురం_బుజ్జి
బాసూ, ఇది వంటింటి చర్చ.

ఇడ్లీబండి_రాణి
పారేయండి పారేయండి అనడం తేలికే. నా దగ్గర రెండు బస్తాల ఇడ్లీ బియ్యం, పదికేజీల మినప్పప్పు, అన్నీ బండి కిందే ఉన్నాయి. అదే నా పెట్టుబడి. ప్రభుత్వం ఇచ్చిన పాతిక కేజీలు ఇంట్లో తినడానికి సరిపోతాయి, బండి నడవడానికి కాదు. గేదెలవాళ్లు అడుగుతున్నారు, దాణాకైనా అమ్ముకోవచ్చా?

వాటర్‌వర్క్స్_తాత
రాణమ్మా, మీ పరిస్థితికి నా దగ్గర మంచి జవాబు లేదు. దాణాకైతే వద్దు. బూజు పట్టిన గింజ గేదె కాలేయాన్నీ దెబ్బతీస్తుంది, ఆ విషం పాలల్లోకీ వస్తుంది. పారేసే ముందు బస్తాలు, బండి కలిపి, నీటి గీత కనిపించేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లకు చూపించొచ్చు.

ఇడ్లీబండి_రాణి
ఫోను కూడా మునిగింది. ఇది మా అబ్బాయి ఫోను. సరే, తీయిస్తా.

అమ్మమ్మ_వంటిల్లు
నేను ఒప్పుకోను. అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. ఆవకాయ వేరు. ఉప్పు, కారం, ఆవపిండి, మామిడి పులుపు, పైన రెండు వేళ్ల మందాన నువ్వులనూనె. అందులో క్రిమి బతకదు. ఏడాదంతా బయటే ఉంచుతాం కదా, ఎవరికైనా ఏమైనా అయిందా? జాడీ బయట కడిగి, పైన కొంచెం తీసేసి వాడుకోవచ్చు.

వాటర్‌వర్క్స్_తాత
అమ్మా, మీరన్న ఉప్పు, పులుపు లెక్క సరైనదే, కానీ నీళ్లు కలవనంతవరకే. మునిగిన జాడీలోకి నీళ్లు దిగితే నూనె కన్నా బరువు కాబట్టి నూనె పొరను దాటి కిందికి పోతాయి. ఆ నీళ్లు చేరినచోట ఉప్పు పలచబడుతుంది. పైన తీసేస్తే పోయేది నూనె, మురుగు అడుగునే ఉంటుంది. పైగా పచ్చకామెర్లు తెచ్చే వైరస్ లాంటివి పులుపుకు తొందరగా చావవు. డీజిల్‌కైతే ఉప్పుతో పనే లేదు.

సుధ గారూ, మీ జాడీ మూతకు గుడ్డ కట్టి ఉందా?

సింగ్‌నగర్_సుధ
వాసెన గుడ్డ ఉంది. బురద రంగులో తడిసి ఉంది.

వాటర్‌వర్క్స్_తాత
మరి గుడ్డ వత్తిలా పీల్చి ఉంటుంది. జాడీ పనికొస్తుంది, ఆవకాయ పనికిరాదు.

అమ్మమ్మ_వంటిల్లు
నా జాడీ అయితే నేను పారేయను, అంతే. అయినా మీ ఇష్టం.

కృష్ణలంక_కుర్రోడు
నూనె ప్యాకెట్ల సంగతి ఎవరూ చెప్పలేదు. అది కంపెనీ సీలు కదా, డబ్బా మూత లాంటిది కాదు.

వాటర్‌వర్క్స్_తాత
దాని మీద నాకూ కొంచెం ఊగిసలాటే. సీలు నిజంగా గట్టిదే. కానీ ఆ కవరు పలచన. ఆరు రోజులు అరలో గిన్నెల మధ్య ఒరుసుకున్నాక సూది మొనంత చిల్లు పడి ఉండదని ఎవరు చెప్పగలరు? ప్లాస్టిక్ కవరులో ఉన్న తిండి మునిగితే పారేయాలన్నదే నేను నేర్చుకున్నది. ధైర్యంగా ఉంచుకోగలిగింది ఒక్కటే, మూత అనేదే లేని, ఫ్యాక్టరీలో అంచు మడిచి మూసిన రేకు టిన్ను. దానికి సొట్ట, తుప్పు, ఉబ్బు, కారడం ఏదీ ఉండకూడదు. కాగితం లేబులు పీకేసి, బ్రష్షుతో సబ్బేసి తోమి, బ్లీచింగ్ నీళ్లలో పావుగంట ముంచి, ఆరాక పైన మార్కర్‌తో పేరు, తేదీ రాసుకోవాలి. లేబులు పీకమన్నది ఎందుకంటే దాని కిందే బురద దాక్కుంటుంది. పసిపిల్లల పాలపొడి డబ్బా చూడ్డానికి టిన్నులాగే ఉంటుంది కానీ పైన ప్లాస్టిక్ మూత, లోపల పలచని రేకు. అది ఈ లెక్కలోకి రాదు, పారేయడమే.

కృష్ణలంక_కుర్రోడు
మా ఇంట్లో అయితే నూనె వాడేస్తారు. బయట కవరు సబ్బుతో కడిగి.

సింగ్‌నగర్_సుధ
మరి సామాన్లు? మా ఇంట్లో ఇత్తడి, స్టీలు, చెక్క, ప్లాస్టిక్ అన్నీ కలిసి బురదలో ఉన్నాయి.

వాటర్‌వర్క్స్_తాత
ముందు బురద పోయేలా తోమడం, ఆ తర్వాతే బ్లీచింగ్. ఈ వరస తప్పితే లాభం లేదు. బురద క్లోరిన్‌ని తినేస్తుంది, గిన్నెను తాకేదాకా మిగలదు. వేడి నీళ్లు, సబ్బుతో తోమాక పది లీటర్ల బకెట్టుకు ఆరు గ్రాములు, అంటే ఒకటిన్నర టీస్పూను మంచి బ్లీచింగ్ పౌడరు కలిపి, తెల్లటి మడ్డి అడుగుకు చేరాక పైతేటలో గిన్నెలు పావుగంట ముంచండి. తీసి మంచినీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టండి, గుడ్డతో తుడవకండి. అల్యూమినియం గిన్నెలు నల్లబడతాయి, వాటిని మరిగే నీళ్లలో వెయ్యండి. స్టీలును కూడా రాత్రంతా నాననిస్తే చుక్కలు పడతాయి.

చెక్కవి పోనివ్వండి. చపాతీ పీట, పప్పుగుత్తి, చెక్క గరిటెలు. చెక్క లోపలికి పీలుస్తుంది, కడిగితే పైపైనే పోతుంది. నీళ్ల కుండ కూడా అంతే. కుక్కరు గ్యాస్కెట్, మిక్సీ జారు రబ్బర్లు మార్చెయ్యండి, వాటి గాడిలో బురద పోదు. గీతలు పడిన ప్లాస్టిక్ డబ్బాలు కూడా. రోలు, సన్నికల్లు బ్రష్షుతో తోమి సలసల కాగే నీళ్లు పోస్తే చాలు.

నున్న_జ్యోతి
పాలసీసాలు? మా పాపకు తొమ్మిది నెలలు.

వాటర్‌వర్క్స్_తాత
సీసా గాజుదైతే తోమి మరిగించి వాడండి. నిపుల్, పళ్లు వచ్చేటప్పుడు నమలడానికిచ్చే రబ్బరు బొమ్మ లాంటివి కొత్తవి కొనండి.

సింగ్‌నగర్_సుధ
అయ్యో, ఒక తప్పు జరిగింది. ఇక్కడ నేను రాస్తుండగానే మా ఆయన పక్కింటాయన చెప్పాడని కేజీ బ్లీచింగ్ పౌడరు ప్యాకెట్టు కత్తిరించి సంపులో కుమ్మరించేశారు. అందులో పాత వరద నీళ్లు అలాగే ఉన్నాయి. ఇప్పుడు మజ్జిగలా ఉంది, కళ్లు మండుతున్నాయి. రేపటికి తాగొచ్చా అంటున్నారు.

పాయకాపురం_బుజ్జి
మజ్జిగ 😂 బావగారికి ఉప్పు, కరివేపాకు కూడా వెయ్యమనండి.

వాటర్‌వర్క్స్_తాత
కంగారేం లేదు, కానీ ఆ నీళ్లు తాగకూడదు, రేపూ కాదు ఎల్లుండీ కాదు. మురుగులో ఎంత మందు వేసినా మంచినీళ్లు అవ్వవు. తోడి పొయ్యండి. తోడేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని మూత పూర్తిగా తెరిచి ఉంచండి, ఎవరూ లోపలికి దిగకండి. ఇంకో మాట. ఆ వాసన పోవడానికని బాత్రూం యాసిడ్ గానీ ఫినాయిలు గానీ అందులో పొయ్యకండి. యాసిడ్ తగిలితే బ్లీచింగ్ నుంచి విష వాయువు వస్తుంది.

సంపు కొలతలు చెప్పండి.

సింగ్‌నగర్_సుధ
ఆరడుగుల పొడవు, అయిదు వెడల్పు, అయిదు లోతు. మేడ మీద ట్యాంకు వెయ్యి లీటర్లు.

వాటర్‌వర్క్స్_తాత
ఆరు అయిదులు ముప్పై, ముప్పై అయిదులు నూట యాభై ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28 లీటర్ల పైచిలుకు. అంటే సుమారు 4,200 లీటర్లు. ఇది ముందు పెట్టుకోండి, తర్వాత లెక్కలన్నీ దీని మీదే.

మొదట మొత్తం తోడి, అడుగు బురద తీయించి, గోడలు తోమించండి. మనిషి దిగాల్సి వస్తే మూత తీసి గంటసేపు గాలి ఆడాక, పైన ఇంకొకరు నిలబడ్డాకే దింపండి. వాసన ఉంటే అసలు దింపకండి, కర్రకు చీపురు కట్టి తోమండి. గోడలో పగుళ్లు చూసి సిమెంటు పూయించండి. పక్కన డ్రైనేజీ పైపు పోతుంటే ఆ పగుళ్లలోంచే మళ్లీ వస్తుంది.

తర్వాత కుళాయి నీళ్లతో నింపి వెయ్యి లీటర్లకు 150 గ్రాముల చొప్పున, అంటే మీ సంపుకు 630 గ్రాములు. పొడిని నేరుగా వెయ్యకండి, బకెట్టులో ముద్దగా చేసి, నీళ్లు పోసి కలిపి, మడ్డి దిగాక పైతేట మాత్రం పొయ్యండి. ఆ నీళ్లను మోటారుతో పై ట్యాంకుకెక్కించి ఇంట్లో ప్రతి కుళాయీ తిప్పండి, ఘాటు వాసన రాగానే కట్టెయ్యండి. అలా ఒక రోజంతా ఉంచి మొత్తం వదిలెయ్యండి. ఇది తాగడానికి కాదు, సంపును, పైపులను కడగడానికి.

వదిలేసి మళ్లీ కొత్తగా నింపాక తాగేందుకు మోతాదు వేరు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, మీ సంపుకు పదీ పదకొండు గ్రాములు. చూశారా, 630కి 11కి తేడా. మీ వారు వేసింది మాత్రం కేజీ.

సింగ్‌నగర్_సుధ
చదివి వినిపించా. "మొదటి లెక్కకైతే దగ్గర్లోనే ఉన్నా కదా" అంటున్నారు.

భవానీపురం_ఆర్వో
ఇంత తిప్పలెందుకండీ, ఇంట్లో ఆర్వో ఉంటే చాలు. మాది గోడ మీద ఎత్తుగా ఉంది, మునగలేదు. నీళ్లు ఎలా ఉన్నా ఆర్వో చూసుకుంటుంది.

వాటర్‌వర్క్స్_తాత
ఇది సగమే నిజం. ఆర్వో పొర బురద నీళ్లకు కాదు, కుళాయి నీళ్లకు తయారైంది. వరద బురద మొదటి ఫిల్టరును రెండు రోజుల్లో మూసేస్తుంది, లోపలి సీళ్లు ఎక్కడైనా వదులైతే నీళ్లు వడకట్టకుండానే ట్యాంకులోకి దిగుతాయి. యూవీ దీపం ఉందంటారు, నీళ్లు మసగ్గా ఉంటే ఆ వెలుతురు క్రిమి దాకా పోదు. వారం రోజులు కరెంటు లేక మిషన్ ట్యాంకులో నిలిచిన నీళ్లు ఏమయ్యుంటాయో కూడా ఆలోచించండి. సంపు శుభ్రం అయ్యాక ఫిల్టర్లు మార్పించి అప్పుడు వాడండి. సుధ గారు చేస్తున్న 630 గ్రాముల కడుగుడు రోజున ఆర్వో కుళాయి కట్టెయ్యాలి, అంత క్లోరిన్‌కు పొర పాడైపోతుంది.

భవానీపురం_ఆర్వో
ఫిల్టర్లు మార్చేవాడికి ఫోన్ చేస్తే పది రోజులు పడుతుందన్నాడు. ఊరంతా వాడి మీదే పడ్డట్టున్నారు.

నున్న_జ్యోతి
అప్పటిదాకా ఏం తాగాలి మేమందరం? ట్యాంకర్ వస్తే బిందె పట్టుకుంటున్నాం. కొంచెం పసుపుగా ఉంది.

బ్రాడీపేట_రవి
ఇరవై నిమిషాలు మరగబెట్టండి. మా నాన్న ఎప్పుడూ అదే చెప్పేవారు.

వాటర్‌వర్క్స్_తాత
ఇరవై అక్కర్లేదు. మన ఊళ్లలో తెర్లుతూ ఒక నిమిషం పొంగితే చాలు. గిన్నె అడుగున సన్న బుడగలు రావడం కాదు, నీళ్లంతా ఎగిరెగిరి పడాలి. మిగతా పంతొమ్మిది నిమిషాలూ గ్యాసు దండగ, సిలిండర్ దొరకని రోజుల్లో. మునిగిన సిలిండరైతే మాత్రం ఏజెన్సీ మెకానిక్ చూశాకే వెలిగించండి, రెగ్యులేటర్, ట్యూబ్ మార్పించండి.

జ్యోతి గారూ, పసుపు నీళ్లను ముందు బిందెలో గంటసేపు కదలకుండా తేరనివ్వండి. తర్వాత శుభ్రమైన పాత కాటన్ చీరను నాలుగు మడతలేసి పైతేట వడకట్టండి. ఆ తర్వాతే మరిగించడం.

అమ్మమ్మ_వంటిల్లు
దీనికి పటిక ఉంది కదా. బిందెలో నాలుగు తిప్పులు తిప్పితే అద్దంలా తేరుతుంది. చిల్లగింజ అరగదీసి వేసేవాళ్లం పూర్వం. ఇదైనా ఒప్పుకుంటారా తాతగారు?

వాటర్‌వర్క్స్_తాత
మనస్ఫూర్తిగా. మట్టి దించడానికి రెండూ మంచివే. కానీ తేరిన నీళ్లు అద్దంలా ఉన్నాయని తాగేస్తారు చూశారా, అదే దెబ్బ. క్రిమి కంటికి కనబడదు. పటిక తర్వాత మరిగించడమో, క్లోరినో తప్పదు.

అమ్మమ్మ_వంటిల్లు
సరే, ఒకటి నాది ఒకటి మీది.

కృష్ణలంక_కుర్రోడు
హెడ్ వాటర్ వర్క్స్‌లో క్లోరిన్ వేసే పంపిస్తారు కదా. మరి కుళాయి నీళ్లు కూడా మరగబెట్టాలా?

వాటర్‌వర్క్స్_తాత
అక్కడ బయల్దేరినప్పుడు బాగానే ఉంటాయి. మన దగ్గర నీళ్లు ఇరవై నాలుగ్గంటలూ రావు. సరఫరా ఆపినప్పుడు పైపు లోపల ఒత్తిడి పోతుంది, బయట మురుగు నిలిచుంటే జాయింట్ల సందుల్లోంచి లోపలికి పీలుస్తుంది. మళ్లీ వదిలినప్పుడు మొదట వచ్చేది అదే. అందుకే మొదటి పది నిమిషాల నీళ్లు పట్టకండి, పట్టినవి కూడా ఈ నెల మరిగించే తాగండి.

పాతగుంటూరు_హసీనా
ఇది నిజం. 2018 మార్చిలో మా వైపు డయేరియా వచ్చినప్పుడు వరదేమీ లేదు. తాగే నీళ్లలో డ్రైనేజీ కలిసింది. బిందెలో చూస్తే నీళ్లు మామూలుగానే ఉన్నాయి, మా తమ్ముడు మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. అప్పట్నుంచి మా ఇంట్లో మరగబెట్టందే గుక్క దిగదు. అయినా ఒకసారి నాకు మళ్లీ విరేచనాలయ్యాయి, మరగబెట్టిన నీళ్లే తాగి. అదెలాగో ఇప్పటికీ అర్థం కాలేదు.

వాటర్‌వర్క్స్_తాత
మరగబెట్టిన నీళ్లు ఎందులో పోశారు, ఎలా తీసుకున్నారు?

పాతగుంటూరు_హసీనా
బిందెలో. గ్లాసుతో ముంచుకుని.

వాటర్‌వర్క్స్_తాత
అదే అయ్యుండొచ్చమ్మా. మరిగిన నీళ్లకు కాపలా ఉండదు. వేడిలో అప్పటిదాకా ఉన్నవి చస్తాయి, ఆ తర్వాత ఒక వేలు మునిగినా మళ్లీ మొదలు. క్లోరిన్ వేసిన నీళ్లలో కొంచెం మిగిలి కాపలా కాస్తుంది. కాబట్టి మరిగించినవి మూతున్న, సన్న మూతి పాత్రలో పోసి వంచుకోండి, లేదా కుళాయి ఉన్న డబ్బాలో పొయ్యండి. గ్లాసు ముంచొద్దు.

నున్న_జ్యోతి
ఆరోగ్య కార్యకర్త క్లోరిన్ బిళ్లలు ఇచ్చి వెళ్లింది. ఇరవై లీటర్ల వాటర్ టిన్నుకు ఎన్ని?

వాటర్‌వర్క్స్_తాత
బిళ్లల్లో చాలా రకాలున్నాయి, ఒకటి ఇరవై లీటర్లకు సరిపోయేది ఉంది, రెండు లీటర్లకే సరిపోయేదీ ఉంది. స్ట్రిప్ మీద ఎన్ని లీటర్లకో చూసి అలాగే వెయ్యండి. వేశాక అరగంట ఆగాలి. అరగంట తర్వాత లైటుగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే నీళ్లలో మట్టి తినేసిందని అర్థం, ఇంకో మోతాదు వేసి మళ్లీ అరగంట. అప్పటికీ రాకపోతే ఆ నీళ్లు వదిలెయ్యండి. టిన్ను మునిగిందైతే లోపల నీళ్లు పారబోసి మూత దగ్గర బాగా తోమి, బ్లీచింగ్ నీళ్లతో కడిగాకే వాడండి.

పాయకాపురం_బుజ్జి
మా వీధిలో రోడ్డు మీద చల్లిన బ్లీచింగ్ నుంచి ఒక గిన్నెడు తెచ్చి మా మామయ్య సంపులో వేశాడు, ఏమీ వాసన లేదు. పనిచేసినట్టేనా?

వాటర్‌వర్క్స్_తాత
రోడ్డు మీద నుంచా! అందులో సగం సున్నం, దుమ్ము. బ్లీచింగ్ పౌడరు తడి తగిలినా, మూత తీసి ఉంచినా చచ్చిపోతుంది. పనిచేసేదైతే ప్యాకెట్టు విప్పగానే ముక్కు అదరాలి, పొడిపొడిగా ఉండాలి. ఉండలు కట్టి వాసన లేకపోతే అది సున్నమే. నేను చెప్పిన గ్రాములన్నీ కొత్త పౌడరుకే.

ఖాయంగా తెలుసుకోవాలంటే వార్డు సచివాలయంలో అడగండి, క్లోరోస్కోప్ ఉంటుంది. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, పక్కన ఉన్న రంగుతో పోల్చి చూస్తారు. తాగే నీళ్లలో లీటరుకు అర మిల్లీగ్రాము దగ్గరుండాలి. రంగే రాకపోతే క్లోరిన్ లేనట్టు. ముదురు నారింజ రంగైతే మీ సుధ గారి మజ్జిగన్నమాట.

భవానీపురం_ఆర్వో
డీజిల్ వాసన వచ్చే బోరు నీళ్లుంటే? మా వెనక వీధిలో అలా ఉంది.

వాటర్‌వర్క్స్_తాత
దానికి మరిగించడం, క్లోరిన్, పటిక ఏదీ పనికిరాదు. మరిగిస్తే నీళ్లు ఆవిరై పురుగుమందు లాంటిది ఇంకా చిక్కబడుతుంది. ల్యాబులో పరీక్షించేదాకా తాగొద్దు, వంటకూ వద్దు. ఎన్నాళ్లు పడుతుందో నేను చెప్పలేను.

సింగ్‌నగర్_సుధ
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా. సంపు తోడించి, గోడలు తోమించి, 630 గ్రాములు తూచి (కిరాణా కొట్టాయన కాటా మీద) ఒక రోజు ఉంచి వదిలేశాం. తర్వాత నింపి 11 గ్రాములు వేస్తే గంటయ్యాక వాసనే లేదు. నీళ్లు కొంచెం మసగ్గా ఉన్నాయి. ఇంకో 11 వేశాక వచ్చింది. నిన్న సచివాలయం అమ్మాయి చుక్కలు వేస్తే లేత పసుపు వచ్చింది. అయినా తాగేవి మరగబెడుతున్నాం.

ఆవకాయ పెరట్లో గొయ్యి తీసి పూడ్చాం. జాడీలు తోమి, బ్లీచింగ్ నీళ్లలో ఉంచి, ఎండలో పెట్టాం. ఒక దాని మెడ దగ్గర సన్న బీట కనబడింది, అది వద్దన్నా. అమ్మ వినలేదు, అందులో తులసి మొక్క నాటుతానంటోంది. నూనె ప్యాకెట్లు అయిదింట్లో మూడే కనబడుతున్నాయి, మిగతా రెండూ ఎక్కడ దాచిందో చెప్పడం లేదు.

అమ్మమ్మ_వంటిల్లు
మీ అమ్మగారి నంబరు ఇవ్వండి, మాట్లాడతాను.

ఎల్బీనగర్_కిషోర్
వాషింగ్ మెషిన్ ఎండలో పెట్టి మూడు రోజులైంది. ఆన్ చెయ్యమంటారా?

పాయకాపురం_బుజ్జి
వద్దు బాసూ, షాక్ కొడుతుంది. మెకానిక్‌కి చూపించు.